సెకన్లు కాదు, రోజులు లెక్కేయండి

"మా ఊళ్లో ఒక మిఠాయి కొట్టువాళ్లు 20 సెకన్ల యానిమేషన్ యాడ్ చేసిపెట్టమన్నారు. సెకనుకి ఎంత చెప్పాలి?"

సెకను రేటు చెప్పకండి. కొట్టు లోగో గిర్రున తిరిగే రెండు సెకన్లు గంటలో అయిపోతాయి. గరిటెలోంచి నెయ్యి ధారగా లడ్డూ మీదికి జారే రెండు సెకన్లకి రోజు పడుతుంది. రెండింటికీ ఒకే రేటు ఎలా కుదురుతుంది?

ముందు మీ రోజు కూలి తేల్చుకోండి. నెలకి 30 వేలు కావాలంటే 30తో భాగించకూడదు. ఫోన్లు, బేరాలు, ఖాళీ రోజులు పోను డబ్బొచ్చే రోజులు 15 అనుకోండి. అంటే రోజుకి 2 వేలు.

ఇప్పుడు ఈ యాడ్ చూద్దాం. ఒక బొమ్మ మనిషి, కొట్టు ముందుభాగం, మూడు రకాల మిఠాయిలు, ఐదు షాట్లు, అంతా 2డి. స్క్రిప్ట్, స్టోరీబోర్డుకి ఒకటిన్నర రోజు, బొమ్మలు గీయడానికి రెండున్నర, కదిలించడానికి నాలుగు, ఎడిటింగ్, సౌండ్‌కి ఒకటి, మార్పులకి ఒకటి. మొత్తం పది రోజులు, 20 వేలు. వాయిస్‌కి 1,500, మ్యూజిక్ లైసెన్స్‌కి 1,000 కలిపితే 22,500. అనుకోని పనికి పది శాతం వేసుకుని 25 వేలు చెప్పండి. నిలువు వీడియో కూడా కావాలంటే అడ్డంగా ఉన్నదాన్ని కత్తిరిస్తే సరిపోదు, అక్షరాలూ బొమ్మలూ మళ్లీ సర్దాలి. దానికి ఒక రోజు కూలి అదనం.

"15 వేలకి చెయ్యి బాబూ" అంటారు. రోజు కూలి తగ్గించకండి, పని తగ్గించండి. బొమ్మ మనిషిని తీసేసి, మిఠాయిల ఫొటోలూ అక్షరాలతో పది సెకన్లు చేస్తే ఐదు రోజుల పని. వాయిస్, మ్యూజిక్, పది శాతం కలిపినా 14 వేలలోపే.

నష్టం ఎక్కువగా వచ్చేది వాయిస్ దగ్గర. తెలుగులో 20 సెకన్లకి 35 మాటలు పడతాయి, అంతకు మించితే పరుగెత్తినట్టుంటుంది. ఫోన్ నంబరు చదివిస్తేనే నాలుగైదు సెకన్లు పోతాయి, దాన్ని తెర మీద చూపిస్తే చాలు. కదలికంతా వాయిస్‌కి తగ్గట్టు కూర్చాక "కిలో 400 కాదు, 450 అనండి" అంటే మళ్లీ రికార్డింగ్, మళ్లీ పెదాల కదలిక, మళ్లీ షాట్ల నిడివి. అందుకే మాటలు, ధరలు, కొట్టు పేరు స్పెల్లింగుతో సహా వాట్సాప్‌లో "ఓకే" అనిపించుకున్నాకే వాయిస్ చేయించండి. కొటేషన్‌లోనూ రాయండి: స్టోరీబోర్డు దశలో రెండుసార్లు, యానిమేషన్ అయ్యాక ఒకసారి మార్పులు ఉచితం, ఆపైన రోజుకి 2 వేలు.

సగం అడ్వాన్స్ అందాకే పని మొదలుపెట్టండి. మిగతా సగం వచ్చేదాకా తెర మధ్యలో మీ పేరున్న చిన్న సైజు వీడియోనే పంపండి.