ఓటీపీ అడగని దేశంలో వారం వారం కోత

ఇండియాలో కార్డు మీద నెలవారీ కోత పెట్టాలంటే ముందు ఓటీపీ కొట్టాలి. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం ప్రతి కోతకీ కనీసం 24 గంటల ముందు మెసేజ్ కూడా రావాలి. ఆ అలవాటుతోనే అమెరికాలో దిగుతాం. ఇక్కడ ఆపిల్ అకౌంట్‌లో కార్డు ఒకసారి పెట్టాక సైడ్ బటన్ రెండుసార్లు నొక్కి ముఖం చూపిస్తే ఒప్పుకున్నట్టే. ఓటీపీ ఉండదు, మన బ్యాంకు ముందుగా హెచ్చరించే పద్ధతీ లేదు. "ఓటీపీ రాలేదు కదా, డబ్బేం పోదులే" అనుకునేవాళ్లే "ఫ్రీ" అని ఊరించి వారం వారం కార్డు మీద బిల్లు వేసే యాప్‌లకు ఎక్కువగా చిక్కుతారు.

వీటి ప్రకటనలు మనకు అవసరం పడ్డ రోజే ఎదురవుతాయి. అపార్ట్‌మెంట్ లీజు స్కాన్ చేసి పంపాలి, టీవీ రిమోట్ పోయింది, ఫోన్ నిండిపోయింది. ఇన్‌స్టాగ్రామ్‌లో మెరుపుల వీడియో, పక్కన "ఫ్రీ" అని పెద్దక్షరాలు. ఉదాహరణకు ఒక స్కానర్ యాప్ తీసుకుందాం. సోమవారం సాయంత్రం 6 గంటలకు దించుకున్నారు. తెరవగానే మూడు నాలుగు ఊరించే స్క్రీన్లు, ఆ తర్వాత ధర స్క్రీన్. అక్కడ ఏడాదికి 39.99 డాలర్లు అని ఒక గడి, కింద Free Trial అనే మీట. ఉచితమే కదా అని మీట నొక్కారు. అసలు కిటుకు ఇక్కడే ఉంది: మీట నొక్కగానే ఎంపిక ఏడాది గడి నుంచి వారం గడికి జారిపోతుంది. మూడు రోజులు ఉచితం, ఆపైన వారానికి 7.99. ఏడాదికి లెక్కేస్తే 415.48 డాలర్లు, అంటే అదే సరుకుకు పదింతల ధర. ఈ స్క్రీన్‌ను మూసే × గుర్తు కొన్ని సెకన్ల తర్వాత మూలలో లేత బూడిద రంగులో కనిపిస్తుంది. లేదనుకుని నొక్కేయకండి, కాసేపు ఆగండి.

మాయ స్క్రీన్ ఎలా ఉన్నా, కింది నుంచి లేచే ఆపిల్ చెల్లింపు పలక మాత్రం అబద్ధం చెప్పదు. ఎన్ని రోజులు ఉచితం, ఏ తేదీ నుంచి ఎంత, వారానికా నెలకా అన్నది అందులోనే ఉంటుంది. per week అని కనిపిస్తే అక్కడే ఆగిపోండి. దించుకునే ముందే చూసుకోవాలంటే ఆప్ స్టోర్‌లో ఆ యాప్ పేజీ అడుగుకి వెళ్లి In-App Purchases నొక్కండి. వారపు ధరలు వరసగా, ఒకే పేరుతో రెండు మూడు రకాల రేట్లతో కనిపిస్తే ఆ యాప్ జోలికి పోవద్దు. స్కానింగ్‌కైతే అసలు ఏ యాప్ కొననక్కరలేదు. ఐఫోన్‌లోని Notes స్కాన్ చేస్తుంది, ఆండ్రాయిడ్‌లో గూగుల్ డ్రైవ్ చేస్తుంది, క్యూఆర్ కోడ్‌ను కెమెరాయే చదువుతుంది.

సరే, నొక్కేశారు. ఎక్కువమంది చేసే తప్పు యాప్‌ను తీసేసి ఊరుకోవడం. యాప్ పోతుంది, కోత మిగులుతుంది. ఆ ఒప్పందం ఉండేది ఫోన్‌లో కాదు, ఆపిల్ లేదా గూగుల్ అకౌంట్‌లో. ఐఫోన్‌లో Settings తెరిచి, పైన మీ పేరు నొక్కి, Subscriptions లోకి వెళ్లి, ఆ యాప్ మీద Cancel Subscription నొక్కండి. ఆ బటన్ లేకుండా గడువు తేదీ ఎర్రక్షరాల్లో ఉంటే అది ఇదివరకే రద్దయినట్టు. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ తెరిచి, ప్రొఫైల్ బొమ్మ, ఆపైన Payments & subscriptions, అందులో Subscriptions. ఉచిత గడువు ముగియడానికి కనీసం 24 గంటల ముందే రద్దు చేయమని ఆపిల్ చెబుతుంది. కాబట్టి మన ఉదాహరణలో గడువు గురువారం సాయంత్రం 6 అయినా, మీకు నిజంగా ఉన్నది బుధవారం సాయంత్రం 6 వరకే. మూడు రోజులంటే చేతికొచ్చేవి రెండే. అందుకే గుర్తుపెట్టుకుని చేద్దామనుకోకుండా ఆ నిమిషంలోనే రద్దు చేయడం మేలు.

డబ్బు ఇప్పటికే పోతుంటే ముందు రద్దు, తర్వాతే వాపసు. తిరగేసి చేస్తే వాపసు కోసం ఎదురుచూస్తుండగానే ఇంకో వారం పడుతుంది. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో APPLE.COM/BILL అని మాత్రమే ఉంటుంది, ఏ యాప్‌దో తెలియదు. reportaproblem.apple.com లో లాగిన్ అయితే ప్రతి కోతా యాప్ పేరుతో సహా కనిపిస్తుంది. అక్కడే Request a refund ఎంచుకుని, కారణం చూపి పంపండి. జవాబు మామూలుగా 24 నుంచి 48 గంటల్లో వస్తుంది. కోత ఇంకా pending లో ఉంటే అడగనివ్వదు, అది పూర్తయ్యేదాకా ఆగాలి. ప్లే స్టోర్ కోతకైతే 48 గంటలు దాటకముందే గూగుల్‌ను అడగండి. దాటితే సాధారణంగా యాప్ తయారీదారు దగ్గరికి పంపుతారు, ఇలాంటివాళ్ల దగ్గర అది గోడకు చెప్పుకున్నట్టే.

కొందరికి Subscriptions లో ఏమీ కనిపించదు, కోత మాత్రం ఆగదు. ఇది వేరే రకం వల. ప్రకటన మిమ్మల్ని ఆప్ స్టోర్‌కు కాకుండా ఒక వెబ్‌సైట్‌కు తీసుకెళుతుంది. మీ వయసెంత, నిద్ర ఎలా ఉంది, బరువెంత తగ్గాలి అని ఇరవై ప్రశ్నలు అడిగి, చివర ఒక డాలరుకు వారం ట్రయల్ అని కార్డు నంబరు తీసుకుంటుంది. అప్పుడు డబ్బు నేరుగా ఆ కంపెనీకే వెళుతుంది కాబట్టి దాన్ని రద్దు చేయడమూ, వాపసు ఇవ్వడమూ ఆపిల్ చేతిలో ఉండవు. స్టేట్‌మెంట్‌లో ఆపిల్, గూగుల్ పేర్లు కాకుండా తెలియని పేరుంటే ఇదేనని అనుమానించాలి. కోత మొదలైన రోజు మెయిల్ వెతికి, ఆ రసీదులోని లింకు నుంచి రద్దు చేసుకోండి. లింకు లేకపోతే వాళ్ల సపోర్టుకు మెయిల్ రాసి కాపీ దాచండి. పేపాల్ ద్వారా కట్టి ఉంటే అక్కడి సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ పేమెంట్స్ దగ్గర మీరే ఆపేయవచ్చు.

వాళ్లు పలకకపోతే బ్యాంకు. డెబిట్ కార్డైతే తర్వాతి కోతకు కనీసం మూడు పనిదినాల ముందు ఫోన్ చేసి, ఈ కంపెనీకి ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకున్నానని, చెల్లింపు ఆపమని చెప్పండి. రాతలో కూడా ఇమ్మంటే 14 రోజుల్లోపు ఇవ్వాలి. క్రెడిట్ కార్డైతే తప్పు కోత మొదటిసారి కనిపించిన స్టేట్‌మెంట్ పంపిన నాటి నుంచి 60 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి. రద్దు కోరిన మెయిల్ కాపీ అక్కడే పనికొస్తుంది. "కార్డు మార్చేస్తే సరి" అని చాలామంది సలహా ఇస్తారు, అది నమ్ముకోవద్దు. వీసా, మాస్టర్‌కార్డ్‌లకు కొత్త నంబరును వ్యాపారులకు చేరవేసే ఏర్పాటు ఉంది, కోత కొత్త కార్డు మీదకీ నడిచొస్తుంది.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్నో పిల్లల్నో ఆపిల్ ఫ్యామిలీ షేరింగ్‌లో చేర్చి, కొనుగోళ్లు కూడా పంచుకుంటుంటే ఇంకో చిక్కుంది. వాళ్లు నొక్కిన యాప్ బిల్లు మీ కార్డు మీద పడుతుంది, కానీ మీ Subscriptions జాబితాలో అది కనిపించదు. వాళ్ల ఫోన్‌లోనే, వాళ్ల అకౌంట్‌లోనే రద్దు చేయాలి. కాబట్టి తిరుగు విమానం ఎక్కించే ముందు అమ్మ ఫోన్ ఒకసారి చేతిలోకి తీసుకుని ఆ జాబితా తెరిచి చూడండి.