కార్టిసాల్ 4.8 వచ్చింది... గ్రంథి పాడైనట్టేనా?

నా వయసు 46. మోకాళ్ల నొప్పులకు మా ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చిన నొప్పి మాత్ర, దాంతోపాటు ఒక చిన్న తెల్ల మాత్ర ఎనిమిది నెలలు వాడాను. ముఖం ఉబ్బుతోందని ఇరవై రోజుల కింద మానేశాను. అప్పటి నుంచి నీరసం, వికారం, లేచి నిలబడితే కళ్లు తిరగడం. ఇంట్లో పనులన్నీ చేసుకుని పదకొండున్నరకు రక్తం ఇస్తే కార్టిసాల్ 4.8 వచ్చింది. 5 నుంచి 25 దాకా ఉండాలట. మా చెల్లికి 29 వచ్చింది, తను గర్భం రాకుండా మాత్రలు వాడుతోంది. నా గ్రంథి పాడైనట్టేనా? ఏం తింటే కార్టిసాల్ పెరుగుతుంది?
– ఒక సోదరి, ఖమ్మం జిల్లా

కార్టిసాల్ మన ఒంట్లోని అడ్రినల్ గ్రంథులు తయారుచేసే హార్మోన్, తింటే పెరిగేది కాదమ్మా ఇది. నాకు అసలు దిగులంతా ఆ చిన్న తెల్ల మాత్ర గురించే. చూడకుండా కచ్చితంగా చెప్పలేను గానీ, మీరు రాసిన తీరును బట్టి అది ప్రెడ్నిసలోనో, డెక్సామెథసోనో, అలాంటి స్టెరాయిడో అయ్యుండవచ్చు. ముఖం గుండ్రంగా ఉబ్బి, రక్తంలో కార్టిసాల్ మాత్రం తక్కువగా ఉందంటే ముందుగా అనుమానించాల్సింది బయటి నుంచి వెళ్లిన స్టెరాయిడ్‌నే. నెలల తరబడి అది ఒంట్లోకి వెళ్తుంటే పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ హార్మోన్ పంపడం తగ్గించేస్తుంది. ఆ పిలుపు అందక కిడ్నీల పైనున్న అడ్రినల్ గ్రంథులు కుంచించుకుపోతాయి. మాత్ర ఒక్కసారిగా ఆపేస్తే అవి వెంటనే అందుకోలేవు. నిద్రపోయిన గ్రంథి మళ్లీ లేవడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది పైనే పడుతుంది. కాబట్టి పాడైందని ఇప్పుడే అనుకోనక్కర్లేదు.

ఇక ఆ 4.8 సంగతి. కార్టిసాల్ తెల్లవారుజాము నుంచి పెరిగి, నిద్ర లేచే వేళకు బాగా ఎక్కువగా ఉండి, ఆ తర్వాత తగ్గుతూ పోతుంది. పదకొండున్నరకు తీసిన రక్తాన్ని ఉదయపు లెక్కతో పోల్చడం సరికాదు. ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య మళ్లీ ఇవ్వాలి. అప్పుడు 3 కంటే తక్కువ వస్తే లోపం దాదాపు ఖాయమనుకోవచ్చు. 15–18 దాటితే చాలావరకు లేనట్టే. ల్యాబ్ పద్ధతిని బట్టి ఈ హద్దులు కాస్త మారతాయి. మధ్యలో ఆగితే ఆ ఒక్క అంకె ఏమీ తేల్చదు. గ్రంథి విశ్రాంతిగా ఉన్నప్పుడు ఎంత తయారుచేస్తోందో అది చెబుతుంది, అవసరం పడితే ఎంత ఇవ్వగలదో చెప్పదు. అందుకే స్టిమ్యులేషన్ పరీక్ష.

ముందు ఒకసారి రక్తం తీసి, కృత్రిమ ఏసీటీహెచ్ 250 మైక్రోగ్రాములు ఇంజెక్షన్ ఇస్తారు. 30, 60 నిమిషాలకు మళ్లీ రక్తం తీస్తారు. పాత పద్ధతుల్లో 18 దాటితే గ్రంథి స్పందించినట్టు లెక్క, కొత్త కిట్లలో హద్దు అంతకంటే తక్కువ. ఆ మందు దొరకనిచోట మన దగ్గర ఎక్కువసేపు పనిచేసే ఏసీటీహెచ్‌ను కండకు ఇచ్చి గంట తర్వాత చూస్తారు. పరీక్షకు ముందు ప్రెడ్నిసలోన్ వేసుకుంటే కొన్ని కిట్లు దాన్నే కార్టిసాల్ అనుకుని ఎక్కువ చూపిస్తాయి. డెక్సామెథసోన్ అలా కలవదు గానీ, మీ సొంత కార్టిసాల్‌ను అణిచేస్తుంది. ఏం వేసుకున్నా దాచకుండా చెప్పాలనేది అందుకే.

అయితే మీ లక్షణాలు చూస్తుంటే పరీక్ష కోసం రోజులు లెక్కబెడుతూ కూర్చోవద్దు. రేపే ఫిజీషియన్‌నో ఎండోక్రైనాలజిస్ట్‌నో కలవండి. బీపీ పడుకోబెట్టి, నిలబెట్టి చూస్తారు. సోడియం, షుగర్ చూస్తారు. అవసరమైతే రక్తం తీసి పెట్టుకుని వెంటనే హైడ్రోకార్టిసోన్ మొదలుపెడతారు. వాంతులు ఆగకపోయినా, జ్వరం వచ్చినా, సొమ్మసిల్లినా నేరుగా క్యాజువాలిటీకి వెళ్లి "స్టెరాయిడ్ వాడి ఈమధ్యే ఆపేశాను" అని ముందుగా చెప్పండి. పాత మాత్ర మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టొద్దు. ముఖం ఉబ్బుతోందని గమనించారు, మంచిదే. కానీ ఆపే ముందు డాక్టర్‌ని అడగాల్సింది. స్టెరాయిడ్‌ను మెట్లు దిగినట్టు తగ్గించాలి.

మీ చెల్లికి 29 రావడానికి ఆ మాత్రలే సరిపోతాయి. వాటిలోని ఈస్ట్రోజెన్ వల్ల రక్తంలో కార్టిసాల్‌ను పట్టి ఉంచే ప్రొటీన్ పెరుగుతుంది. ల్యాబ్ మొత్తం కలిపి కొలుస్తుంది కాబట్టి అంకె పెద్దగా కనిపిస్తుంది. తేలిగ్గా కమిలిపోయే చర్మం, పొట్ట మీద ఊదారంగు వెడల్పాటి చారలు, అదుపు కాని బీపీ, షుగర్ లాంటివి లేకపోతే అక్కడితో వదిలేయవచ్చు. ఉంటే నిజంగానే కార్టిసాల్ ఎక్కువగా తయారవుతోందేమో తేల్చడానికి సప్రెషన్ పరీక్ష చేస్తారు. రాత్రి 11 గంటలకు డెక్సామెథసోన్ 1 మిల్లీగ్రాము మింగించి, ఉదయం ఎనిమిదింటికి రక్తం తీస్తారు. 1.8 కంటే కిందికి దిగితే గ్రంథి మాట వింటున్నట్టు. గర్భనిరోధక మాత్రలు వాడుతుండగా ఈ పరీక్షా తప్పుదారి పట్టించవచ్చు, ఆరు వారాల ముందు ఆపాల్సి రావచ్చు. గైనకాలజిస్ట్‌ను అడిగి వేరే ఏర్పాటు చేసుకున్నాకే. ఫిట్స్‌కు, టీబీకి వాడే కొన్ని మందులు డెక్సామెథసోన్‌ను త్వరగా కరిగించేసి లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తాయి. షాపులో దొరుకుతోంది కదా అని ఆ మాత్ర కొనుక్కుని ఇంట్లో మీరే చేసేసుకోకండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ తెల్ల మాత్ర ఒక్కటి మిగిలినా, ఖాళీ స్ట్రిప్ దొరికినా తీసుకెళ్లండి. పొట్లంలో కట్టిచ్చి ఉంటే ఆర్‌ఎంపీనే పేరు, మోతాదు కాగితం మీద రాసివ్వమనండి.