సొంతవాడకాలపై వడ్డీ: మొత్తానికి కాదు, నెలలకు

ప్రశ్న: మేమిద్దరం భాగస్వాములం. పెట్టుబడి నాది 6 లక్షలు, ఆయనది 4 లక్షలు. నేను నెలనెలా ఆఖరి రోజున 10,000 తీసుకుంటాను. ఆయన అక్టోబరు 1న ఒకేసారి 60,000 తీసుకున్నారు. ఒప్పందంలో మూలధనంపై 6 శాతం, సొంతవాడకాలపై 12 శాతం వడ్డీ, లాభం 3:2 అని ఉంది. నా వాడకాలపై వడ్డీ ఎక్సెల్‌లో 14,400 వస్తోంది, ఆడిటర్ గారు 6,600 అంటున్నారు. ఏది సరి? 5 లక్షల నికర లాభాన్ని ఎలా పంచుకోవాలి?

జవాబు: ఆడిటర్ గారి లెక్కే సరైనది. మీ షీట్ 1,20,000 మొత్తానికీ ఏడాది వడ్డీ వేసింది. కానీ ఏప్రిల్ ఆఖరున తీసుకున్న 10,000 మీ దగ్గరున్నది 11 నెలలే. మార్చి 31న తీసుకున్నదానికి వడ్డీయే లేదు. B వరుసలో సొమ్మును, C వరుసలో మార్చి 31 వరకు మిగిలిన నెలలను (11 నుంచి 0 దాకా) రాసి ఈ సూత్రం ఇవ్వండి:

```
=SUMPRODUCT(B2:B13,C2:C13)*12%/12
```

6,600 వస్తుంది. ఇదే డబ్బు ప్రతి నెలా 1వ తేదీన తీసుకుని ఉంటే 7,800 అయ్యేది. అందుకే వోచర్‌పై తేదీ తప్పనిసరిగా వేయండి. ఇంకో జాగ్రత్త: సొమ్మును "10,000/-" అని టైప్ చేస్తే ఎక్సెల్ దాన్ని అక్షరాలుగా చూస్తుంది, SUMPRODUCT దాన్ని సున్నాగా లెక్కిస్తుంది. తప్పు జరిగిందన్న సూచన కూడా రాదు. `=COUNT(B2:B13)` ఇచ్చి చూడండి, 12 రావాలి.

మీ భాగస్వామి 60,000కు 6 నెలల వడ్డీ 3,600. ఇద్దరిదీ కలిపి 10,200. ఇది సంస్థకు రాబడి కాబట్టి లాభానికి కలపాలి. మూలధనంపై వడ్డీ మీకు 36,000, ఆయనకు 24,000. ఆ 60,000 తీసేయాలి. పంచాల్సింది 4,50,200. అందులో మీ వాటా 2,70,120, ఆయనది 1,80,080. ఇవన్నీ ఒప్పందంలో ఉన్నాయి కాబట్టే చెల్లుతున్నాయి. ఒప్పందం ఏమీ చెప్పకపోతే 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం లాభం సమానంగా పంచుకోవాలి, మూలధనంపై వడ్డీ ఉండదు.

మూలధనం స్థిరంగా ఉంచుకుంటే 6 లక్షలు, 4 లక్షల ఖాతాలను ముట్టుకోవద్దు. వడ్డీలు, వాడకాలు, లాభం వాటా అన్నీ ఎవరి కరెంట్ ఖాతాలో వారికి రాయండి. మీ ఖాతాలో 36,000, 2,70,120 జమ, 1,20,000, 6,600 ఖర్చు, నిల్వ 1,79,520. ఆయన నిల్వ 1,40,480.

పాత నిల్వలు లేకపోతే ఈ రెండూ కలిపి నికర లాభంలోంచి మొత్తం వాడకాలు తీసేసినంత ఉండాలి: 5,00,000 − 1,80,000 = 3,20,000. మీ షీట్‌లో 3,09,800 కనిపిస్తే, వాడకాలపై వడ్డీని భాగస్వాముల ఖాతాల్లో ఖర్చు రాసి, లాభానికి కలపడం మరిచిపోయారన్నమాట.