పనికి రోజుల లెక్కా, మిగిల్చిన డబ్బు లెక్కా?

గుణుపురంలో రైస్ మిల్లుకి కరెంటు ఆదా పని చేస్తున్నాను. ఆరు రోజుల పని, రోజుకి 8 వేలు అడిగాను. వాళ్లకి ఏడాదికి 12 లక్షలు మిగిలేలా ఉంది. తక్కువ అడిగానా?

తక్కువే అడిగారండి. కానీ ఒప్పుకున్న 48 వేలు ఇప్పుడు మార్చొద్దు, మాట పోతుంది. తర్వాతి మిల్లుకి ఇలా చేయండి.

పరిష్కారం చెప్పకముందే షావుకారు చేతే లెక్క చెప్పించండి: "నెల బిల్లెంత? అందులో లక్ష తగ్గితే మీకెంత విలువ?" పర్లాకిమిడిలో ఒక మిల్లు షావుకారుకి నేను మొదటి టీ దగ్గరే కెపాసిటర్లు పాడయ్యాయని చెప్పేశాను. ఆయన ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మార్పించుకున్నాడు, నాకు టీయే మిగిలింది.

మీ షావుకారు ఏడాదికి 12 లక్షలన్నా, అనుమానం కింద సగం తీసేయండి. మిగిలిన 6 లక్షల్లో నాలుగో వంతు, అంటే లక్షన్నర, ఫిక్స్‌డ్ ఫీజుగా అడగండి. సగం అడ్వాన్స్, సగం రిపోర్ట్ ఇచ్చాక.

ఆదాలో వాటా అడగడం ఆశగా ఉంటుంది గానీ, గొడవంతా అక్కడే. ధాన్యం తక్కువొచ్చిన నెల బిల్లు దానంతటదే తగ్గుతుంది, ఎక్కువొస్తే మీ ఆదా కనపడదు. వాటాయే కావాలంటే బిల్లు రూపాయలు కాక, క్వింటాలు ధాన్యానికి ఎన్ని యూనిట్లు కాలాయో చూడాలి. గత 12 నెలల బిల్లులు, మిల్లు రిజిస్టరు పక్కపక్కన పెట్టి ఆ అంకె రాసి, పని మొదలుకాకముందే ఇద్దరూ సంతకం పెట్టండి. ఉడకబెట్టిన బియ్యానికి, పచ్చి బియ్యానికి వేర్వేరు అంకెలు రాయాలి. రిజిస్టరు సరిగా లేని మిల్లయితే వాటా జోలికి వెళ్లకండి.