రాత్రి కుక్కపిల్ల ఏడుపు: లేవాలి, కానీ ఏడుపుకి కాదు

ప్రశ్న: రెండు నెలల కుక్కపిల్లను తెచ్చుకున్నాం. రాత్రంతా కుయ్ కుయ్‌మంటోంది. ఎత్తుకుంటే అదే అలవాటవుతుందని అంటున్నారు, వదిలేద్దామంటే మనసొప్పట్లేదు. పక్క ఫ్లాట్ వాళ్లు కూడా అడుగుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు దాని పడకను హాల్లోంచి తీసేసి మీ మంచం పక్కకు తెచ్చుకోండి. నిన్నటిదాకా తల్లి పొట్టకు ఆనుకుని తోబుట్టువుల మధ్య పడుకున్న పిల్ల అది. చీకట్లో ఒంటరిగా ఉంటే భయపడుతుంది. మనిషి వాసన, ఊపిరి చప్పుడు దగ్గర్లో ఉంటే సగం ఏడుపు అక్కడే తగ్గుతుంది. మా కుక్కపిల్ల కొత్తగా వచ్చినప్పుడు, అది పడుకునే బోను లాంటి క్రేట్‌ను మంచానికి ఆనించి పెట్టేవాళ్లం. అది మూలిగితే పైనుంచి చెయ్యి కిందికి వేలాడదీసేదాన్ని, అంతే. మాట్లాడేదాన్ని కాదు, లైటు వేసేదాన్ని కాదు. నిద్ర కుదిరాక క్రేట్‌ను రోజుకు కొంచెం కొంచెంగా దూరం జరిపాం.

అసలు చిక్కు పాసుతో వస్తుంది. ఈ వయసులో రాత్రంతా ఆపుకోవడం దాని వల్ల కాదు, రెండు మూడు గంటలంటే ఎక్కువే. అది ఏడ్చాక లేస్తే, ఏడిస్తే మనం వస్తామని నేర్చుకుంటుంది. లేవకపోతే పడకలోనే పోసేస్తుంది. అందుకని మేము అలారం పెట్టుకున్నాం. పదకొండుకు పడుకోబెట్టే ముందు ఒకసారి బయటికి, తర్వాత ఒంటి గంటన్నరకు, మళ్లీ నాలుగింటికి. ఏడుపు మొదలవకముందే మనమే ఎత్తుకెళ్తాం కాబట్టి, ఏడుపుకూ మనం రావడానికీ లంకె పడదు. అలారం కంటే ముందే లేచి ఏడ్చిందంటే మన లెక్క తప్పిందన్నమాట. అప్పుడు తీసుకెళ్లి, మర్నాడు అలారం అరగంట ముందే మోగేలా పెట్టాలి. పడక తడవకుండా వరసగా కొన్ని రాత్రులు గడిస్తే పావుగంట చొప్పున ఆలస్యంగా మోగేలా పెట్టుకుంటూ పోవచ్చు.

ఆ బయటికెళ్లడం చప్పగా ఉండాలి. బాల్కనీలో పేపర్ మీద దించడం, పని కాగానే మెల్లగా ఒక్క మాట మెచ్చుకోవడం, తిరిగి పడకలో పెట్టడం. ఆటబొమ్మ, బిస్కెట్ ఏమీ వద్దు. మా అత్తగారు పాపం జాలిపడి రెండింటికి పాలు పట్టబోతే నేనే వద్దన్నాను. టీకాల కోర్సు పూర్తి కాకపోతే వీధికుక్కలు తిరిగే చోట అసలు దించకండి, పార్వో అనే ప్రాణాంతకమైన వైరస్ జబ్బు అంటుకునే ప్రమాదముంది.

వెళ్లొచ్చిన వెంటనే మళ్లీ కుయ్‌మంటే అది చాలావరకు గొణుగుడే. కాసేపు పట్టించుకోకండి, ఊపిరి తీసుకోవడానికి ఆగిన క్షణంలో చెయ్యి అందించండి. అలా కాకుండా ఏడుపు పెరుగుతూ పోయి, చొల్లు కారుస్తూ, క్రేట్ గోకుతుంటే అది భయం. అప్పుడు పక్కన కూర్చోండి. దానివల్ల చెడు అలవాటేమీ పడదు. మరుసటి రోజు పగలు తలుపు తీసి ఉంచి అందులోనే అన్నం పెడుతూ క్రేట్‌ను అలవాటు చేయండి.

పక్క ఫ్లాట్ వాళ్లకు ముందే ఒక మాట చెప్పి ఉంచితే టెన్షన్ తగ్గుతుంది. ఏడుపుతో పాటు వాంతులు, నెత్తుటి విరేచనాలు, తిండి మానేయడం కనిపిస్తే మాత్రం అలారం లెక్కలు వదిలేసి వెంటనే పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.