పంపుకి ఎంత మందు పోయాలో లెక్క

చిన్నా,

పత్తికి ఈసారి మందు నువ్వే కొడతానన్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషమే. ఆ వెంటనే నువ్వు పంపిన సీసా ఫోటో చూశాను, దాని కింద "ట్యాంకుకి 40 మి.లీ. పోస్తున్నా" అన్న నీ మాటా చూశాను. మధ్యాహ్నం అన్నం సయించలేదు. పొద్దున్నే పోయకముందు ఇది చదువు.

లెక్క ఒక్క వాక్యంలో అయిపోతుంది: లీటరుకు ఎంతో, దాన్ని ట్యాంకులో పోసే లీటర్లతో గుణించు. నీ తప్పు గుణకారంలో లేదు, చుక్కలో ఉంది. ఫోటోలో సీసా వంపు మీద వెలుతురు పడి, 0.25 మి.లీ.లోని సున్నా తెల్లబోయి, చుక్క జరిగినట్టు కనిపించి, నీ కంటికి 2.5 అయింది. 16 లీటర్ల ట్యాంకుకి 0.25 చొప్పున 4 మి.లీ. 2.5 చొప్పున అయితే 40. పది రెట్లు!

ఇలాంటి తప్పు, గుణకారం మళ్ళీ చేసి చూసినా దొరకదు, ఎందుకంటే గుణకారం సరిగ్గానే ఉంటుంది. ఎకరం లెక్కతో సరిచూస్తే దొరుకుతుంది. పచ్చదోమకు వాడే ఈ ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం ద్రావణం పత్తికి హెక్టారుకు 100 నుంచి 125 మి.లీ., నీళ్లు 500 నుంచి 700 లీటర్లు. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు, అంటే ఎకరాకు 40 నుంచి 50 మి.లీ. ఎకరానికి పన్నెండు ట్యాంకులు పట్టిందనుకో, ట్యాంకుకి 4 చొప్పున 48 మి.లీ., సరిగ్గా ఆ హద్దులో కూర్చుంది. నీ లెక్కన 480 మి.లీ. నూరు మి.లీ. సీసా రెండెకరాలకు రావాల్సింది, ఎకరానికే అయిదు సీసాలు కావాల్సి వస్తోందంటే అక్కడే ఆగిపోవాలి. అంత మందు ఒళ్ళు కడుక్కున్నా వదలని ప్రమాదం, తేనెటీగలకు విషం, డబ్బు దండగ. పూత మీద ఉన్నప్పుడు అసలు కొట్టకు.

ఫోటో తీసేటప్పుడు ఫ్లాష్ వద్దు. నీడలో పెట్టి, సీసాను కొంచెం తిప్పుతూ రెండు మూడు తియ్యి. అంకె ముందు సున్నా ఉందో, చుక్క ఉందో సీసా మీదే వేలు పెట్టి చూడు. మందు పేరు, శాతం కూడా ఫోటోలోకి రావాలి, నీ ఫోటోలో శాతం కోసుకుపోయింది. ఇదే మందు 30.5 శాతంలోనూ దొరుకుతుంది, దానికి పత్తిలో హెక్టారుకు 60 నుంచి 75 మి.లీ.లే. పేరు ఒకటే కదా అని ఆ సీసా కొని ఈ లెక్క వేస్తే అదీ ఎక్కువే. సీసాతో వచ్చే కాగితం మీది పట్టికలో పంట వరస కూడా చూసుకో, మిరప వరస పత్తికి పనికిరాదు.

నాలుగు మి.లీ. మూతతో కొలవకు, మూత ఎంత పడుతుందో మూతకే తెలీదు. మందుల షాపులో సూది లేని 5 మి.లీ. సిరంజి తెచ్చి దానికే కేటాయించు, చేతికి గ్లౌజులు. ముందు ట్యాంకు సగం నింపి, మందు పోసి, తర్వాత మిగతా నీళ్లు. ట్యాంకు మీద గీతను నమ్మకు, ఒక్కసారి బకెట్‌తో కొలిచి 16 దగ్గర రంగు పూయి. ఆఖరి ట్యాంకు సగమే అయితే 8 లీటర్లకు 2 మి.లీ., అక్కడ నలుగురూ తప్పుతారు.

ఒకవేళ నువ్వు ఇంజన్‌తో నడిచే తైవాన్ పంపు అద్దెకు తెస్తే లీటరు లెక్క నిలవదు. దాంతో నీళ్లు తక్కువ పడతాయి, ఎకరానికి పట్టే మందు మాత్రం అదే. ముందు ఉత్త నీళ్లతో కొంత మేర కొట్టి, ఎకరానికి ఎన్ని ట్యాంకులు పడతాయో చూడు. 10 లీటర్ల ట్యాంకులు అయిదే పడితే 48ని అయిదుతో భాగించు: ట్యాంకుకి 9.6 మి.లీ.

19-19-19 ఎరువు కూడా కొడతానన్నావు. అది లీటరుకు 5 గ్రాములైతే ట్యాంకుకి 80 గ్రాములు. చెంచాతో కాదు, చిన్న తక్కెడతో తూచు. గట్టి ఎండలో కొడితే ఆకు మాడుతుంది, ఉదయమో సాయంత్రమో చాలు. మందుతో కలిపి ఒకే ట్యాంకులో పోయకు, ముందు ఈ లెక్క సరిగా రానీ.

కోపంగా రాసినట్టుందేమో, కోపం కాదు రా. ఇప్పుడే సీసా నీడలో పెట్టి, శాతం కనపడేలా మళ్ళీ ఫోటో తీసి పంపు. నేను చూసి సరే అనేదాకా మూత తియ్యకు.

మీ పెదనాన్న