ఒక్క మాటలో అంత ప్రేమ తెలుగులో పలుకుతుందా?

సందేహం: టర్కిష్, ఫిన్నిష్ ప్రత్యయాల భాషలట, టర్కిష్‌లోనైతే ఒక్క పొడవాటి మాటతో ‘నేను ప్రేమించేవాళ్లలో నువ్వొకడివి’ అని చెప్పేయొచ్చట. తెలుగు కూడా ప్రత్యయాల భాషే అంటారు కదా, మనకు అలా ఎందుకు కుదరదు? ఈ భాషలకూ తెలుగుకూ చుట్టరికం ఏమైనా ఉందా? ‘మావాడివేగా’ లాంటివి కలిపి రాయాలా, విడగొట్టాలా?

సమాధానం: మీరు విన్న టర్కిష్ మాట ‘సెవ్‌దిక్లెరిమ్‌దెన్‌సిన్’ అయి ఉంటుంది. దాన్ని విప్పి చూద్దాం. ‘సెవ్’ అంటే ప్రేమించు. ‘దిక్’ చేరితే ‘ప్రేమించిన, ప్రేమించే’ అనే విశేషణం అవుతుంది. ‘లెర్’ మన ‘లు’ లాంటి బహువచనం. ‘ఇమ్’ అంటే నా. ‘దెన్’ అంటే నుంచి, ఇక్కడ ‘వాళ్లలో’ అనే అర్థం వస్తుంది. చివరి ‘సిన్’ నువ్వు అని చెబుతుంది. అర్థం మీరు చెప్పిందే. అయితే మామూలు మాటల్లో మధ్యలో ‘ఒకరు’ అనే అర్థమిచ్చే ‘బిరి’ని చేర్చి ‘సెవ్‌దిక్లెరిమ్‌దెన్ బిరిసిన్’ అని రెండు మాటలుగా అనడం కూడా బాగా వాడుకలో ఉంది. ఇక ‘నిన్ను ప్రేమిస్తున్నాను’ అనడానికి వాళ్లకూ రెండు మాటలే కావాలి: ‘సెని సెవియోరుమ్’. ‘సెని’ అంటే నిన్ను. ‘సెవియోరుమ్’ అంటే ప్రేమిస్తున్నాను, దాని చివరి ‘ఉమ్’ మన ‘ను’ చేసే పనే చేస్తుంది. ఇక్కడ రెండు భాషలూ అడుగులో అడుగు వేసి నడుస్తాయి.

ఆ చివరి ‘సిన్’ దగ్గర కాసేపు ఆగాలి. ‘నువ్వు టీచరువి’, ‘నువ్వు మంచివాడివి’ అంటాం కదా. ఈ ‘వి’ సరిగ్గా టర్కిష్ ‘సిన్’ పనే చేస్తుంది. టీచర్ని వాళ్లు ‘ఓరెత్‌మెన్’ అంటారు, ‘నువ్వు టీచరువి’ని ‘ఓరెత్‌మెన్‌సిన్’ అంటారు. ఇంగ్లీషులోనూ హిందీలోనూ దీనికి వేరే క్రియ తెచ్చుకోవాలి. మనకు నామవాచకానికే నువ్వు, నేను, మనం అనే గుర్తు అంటుకుంటుంది: మంచివాడివి, మంచివాడిని, మంచివాళ్లం. కాబట్టి ప్రత్యయాలు చాలక తెలుగు వెనకబడిందనుకోవద్దు.

మరి ఎక్కడ తేడా వస్తోంది? నా లెక్కలో అసలు చిక్కు మధ్యలో ఉన్న ‘దిక్’ దగ్గర ఉంది. తెలుగులో ‘ప్రేమించిన అమ్మాయి’ అని మాత్రమే అంటే, ఆమె ఎవరినో ప్రేమించిందా, ఆమెనే ఎవరైనా ప్రేమించారా అన్నది తేలదు. ‘ప్రేమించిన’లో ఎవరు ప్రేమించారన్న గుర్తు లేదు. అందుకని ‘నేను ప్రేమించిన అమ్మాయి’, ‘నన్ను ప్రేమించిన అమ్మాయి’ అని ముందు ఇంకో మాట పెట్టక తప్పదు. టర్కిష్‌లో ఈ రెండింటికీ రెండు వేర్వేరు రూపాలు. ప్రేమించే అమ్మాయి ‘సెవెన్ కిజ్’ (‘కిజ్’లోని అచ్చుకు తెలుగులో అక్షరం లేదు, దగ్గరి ధ్వనితో రాశాను). నేను ప్రేమించే అమ్మాయి అయితే ‘సెవ్‌దియిమ్ కిజ్’. ‘దిక్’కి ‘ఇమ్’ తగలగానే చివరి ‘క్’ మెత్తబడి దాదాపు ‘య’లా వినిపిస్తుంది. ప్రేమించింది నేనేనన్న సంగతిని ఆ ‘ఇమ్’ మోస్తుంది కాబట్టి మళ్లీ ‘నేను’ అనే మాట అక్కర్లేదు. వాక్యం ఒక్క మాటలో ఒదిగింది అందుకే.

రెండో కారణం లింగం. టర్కిష్‌లో వ్యాకరణ లింగం లేదు, ఫిన్నిష్‌లోనూ లేదు. ‘సెవ్‌దిక్లెరిమ్‌దెన్‌సిన్’ని కొడుకుతో అన్నా కూతురితో అన్నా మాట మారదు. మనం ఒకడివి, ఒకదానివి, ఒకరు అని ఎంచుకోవాలి. ‘ఒకరు’ అంటే మర్యాద వస్తుంది, చనువు తగ్గుతుంది. మీరు రాసిన వాక్యంలో కూడా ‘ఒకడివి’ అన్నారు, అంటే అప్పటికే వింటున్నది మగవాడని తేల్చేశారు. టర్కిష్ మాటను అనువాదం చేసేవాళ్లు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. మూలంలో లేని సంగతి తెలుగులో తనంతట తానే వచ్చి కూర్చుంటుంది.

ఇక ముద్దు పిలుపుల సంగతి. నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. టర్కిష్‌లో ‘అన్నె’ అంటే అమ్మ. దానికి చిన్నదనం, ముద్దు చెప్పే ‘జిక్’, ఆపైన నా అనే ‘ఇమ్’ చేరి ‘అన్నెజియిమ్’ అవుతుంది. గొర్రెపిల్ల ‘కుజు’ అయితే ముద్దుగా ‘కుజుజూమ్’. అక్కడ ‘ఇ’, ఇక్కడ ‘ఉ’ ఎందుకంటే ప్రత్యయంలోని అచ్చు ముందున్న అచ్చును బట్టి మారుతుంది. మనకూ ‘పులికి, అన్నకు’ అని ‘ఇ’ తర్వాత ‘కి’, మిగతాచోట్ల ‘కు’ వస్తుంది కదా, ఆ స్వభావమే వాళ్లకు ఇంకా విస్తృతంగా ఉంది. మనుషుల పేర్లకూ ఇది చేరుతుంది. టర్కీలో సైనికుణ్ణి అభిమానంగా ‘మెహ్‌మెత్‌చిక్’ అంటారు. మెహ్‌మెత్ అనే మామూలు పేరుకు అదే ప్రత్యయం తగిలించారు. ‘త్’ పక్కన చేరేసరికి ‘జిక్’ కాస్తా ‘చిక్’ అయింది.

తల్లి తన బిడ్డను కూడా ‘అన్నెజియిమ్’ అని పిలుస్తుంది. తెలుగువాళ్లకు ఇది వింతగా అనిపించకూడదు. ‘నాన్నా, అన్నం తిన్నావా’ అని కొడుకుతో, ‘అమ్మా, ఇలా రా తల్లీ’ అని కూతురితో మనం అనమూ? కాకపోతే అక్కడ పిలిచేవాళ్ల వరసే బిడ్డకు పిలుపవుతుంది: తల్లి అయితే అమ్మ అనీ, తండ్రి అయితే నాన్న అనీ పిలుస్తారు. ఇక్కడ మామూలుగా బిడ్డ ఆడా మగా అన్నదాన్ని బట్టి మారుతుంది (ఇప్పుడు కూతుర్ని కూడా ‘నాన్నా’ అనేవాళ్లు చాలామందే ఉన్నారు). ముద్దు చెప్పడానికి మనకు ‘జిక్’ లాంటి ప్రత్యయం లేదు. ఆ పనిని ముందు చేరే మాటలు చేస్తాయి: బుజ్జితల్లి, చిట్టితండ్రి, బంగారుతల్లి. పిలిచేటప్పుడు చివరి అచ్చు సాగుతుంది. ఫిన్లాండులోనూ ప్రియమైనవాళ్లను బంగారమే అంటారు. ‘కుల్తా’ అంటే బంగారం, దానికి ముద్దు ప్రత్యయమూ ‘నా’ అనే ‘ని’ చేరి ‘కుల్తసెని’ అవుతుంది. మనం ‘నా బంగారం’ అని ‘నా’ను ముందు పెడతాం, వాళ్లు చివర పెడతారు.

చుట్టరికం లేదు. 1856లో కాల్డ్వెల్ తన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణంలో ఈ భాషలకూ ద్రావిడానికీ సంబంధం ఉందని ఊహించాడు గానీ ఇప్పటి భాషాశాస్త్రజ్ఞులు దాన్ని ఒప్పుకోరు. ప్రత్యయాలు ఒకదాని మీద ఒకటి పేర్చుకోవడం సంబంధం లేని భాషల్లో కూడా విడివిడిగా ఏర్పడుతుంది.

‘మావాడివేగా’లో మా, వాడి, వి, ఏ, గా అని అయిదు ముక్కలున్నాయి. ‘వి’, ‘ఏ’ సొంతంగా నిలబడలేవు, వాటిని ఎప్పుడూ కలిపే రాయాలి. ‘గా’ ఇక్కడ ‘గదా’ కుదించుకుపోయిన రూపం, అదీ ముందు మాటకే ఆనుకుంటుంది. పూర్తి రూపం రాస్తే ‘మావాడివే గదా’ అని విడిగా రాయండి. ‘మా’ విషయంలో పట్టింపు అక్కర్లేదు. ‘మా వాడు’ అని విడగొట్టినా తప్పు కాదు. కానీ మనిషిని దగ్గరివాడని చెప్పేటప్పుడు ‘మావాడు’ ఒకే మాటగా పలుకుతాం కాబట్టి కలిపి రాయడమే నాకు సబబుగా తోస్తుంది.